నామినీ చేతికి పైసలు, వారసుడి చేతికి హక్కు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో, సోలాపూర్‌లో, న్యాయ సహాయ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

మాలో ఒకరు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, ఒకరు కోర్టులో వకీలు, మిగతావాళ్లం సాంచెల మధ్య పెరిగినవాళ్లమే. ఆదివారం పూట సంఘం ఆఫీసులో కూర్చుంటాం. మా దగ్గరికి వచ్చే కాగితాల్లో సగానికి సగం ఒకే తగువు. మనిషి పోయాడు, పైసలు ఎవరివి?

ఈ ప్రశ్నకు మనవాళ్లలో చాలామంది చెప్పే జవాబు "నామినీ ఎవరుంటే వాళ్లవే" అని. ఈ జవాబు తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికి మేము చట్టం పుస్తకం విప్పం. ఒక ఇంటి కథ చెప్తాం. పేర్లు చెప్పం, గల్లీ కూడా చెప్పం. ఆ ఇంటివాళ్ల అనుమతితోనే చెప్తున్నాం. లెక్క సులువుగా ఉండాలని అంకెలు మాత్రం కాస్త గుండ్రంగా చేశాం.

ఆయనకు నాలుగు సాంచెలు. చద్దర్లు, టవల్లు నేయించేవాడు. యాభై ఎనిమిదో ఏట గుండెపోటుతో పోయాడు. వీలునామా రాయలేదు. ఇంట్లో ఎనభై దాటిన తల్లి, భార్య, ఇద్దరు కొడుకులు, పుణెకు ఇచ్చిన కూతురు. పక్క వీధిలో సొంత తమ్ముడు. తండ్రి ఎప్పుడో పోయాడు. తల్లికి ఈ ఇద్దరు కొడుకులే సంతానం.

ఆయన వదిలి వెళ్లినవి నాలుగు. బ్యాంకులో పన్నెండు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్. దానికి నామినీ తమ్ముడు. ఎందుకంటే ఆ ఖాతా మొదలైంది పెళ్లికి ముందు. అప్పట్లో తమ్ముడి పేరు రాశాడు, తరవాత ప్రతిసారీ డిపాజిట్ రెన్యూ అయింది గానీ ఆ పేరు మారలేదు. రెండోది భార్యతో కలిసి ఉన్న సేవింగ్స్ ఖాతా, అందులో రెండు లక్షలు. ఇద్దరిలో ఎవరైనా, లేదా మిగిలి ఉన్నవారు తీసుకోవచ్చు అనే పద్ధతి. మూడోది ఆరు లక్షల మ్యూచువల్ ఫండ్, నామినీ పెద్దకొడుకు. నాలుగోది ఐదు లక్షల జీవిత బీమా, నామినీ తల్లి.

పదకొండో రోజు కాకముందే ఇంట్లో లెక్కలు మొదలయ్యాయి. తమ్ముడు బ్యాంకుకు పోయి మరణ ధ్రువీకరణ పత్రం, ఆధార్, దరఖాస్తు ఇచ్చాడు. రెండు వారాల్లో పన్నెండు లక్షలు ఆయన ఖాతాలో పడ్డాయి. వదినగారు ఏడుస్తూ బ్యాంకుకు పోతే మేనేజరు, "అమ్మా, నామినీ ఆయనే, మేము ఇవ్వాల్సిందే" అన్నాడు. ఆమె, కొడుకులు కలిసి మా దగ్గరికి వచ్చారు. పెద్దబ్బాయి ఆవేశంగా ఉన్నాడు. "బ్యాంకోళ్లు తప్పు చేసిండ్రు, కేసు పెడదాం" అన్నాడు. మేము మొదట చెప్పిన మాట, బ్యాంకు తప్పేమీ లేదు అని. ఆ మాటకు వాళ్లు మా మీదే కోపగించుకున్నారు. కోపం సహజమే.

బ్యాంకు సంగతి ఇదీ. 1949 నాటి బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టంలో నామినేషన్ గురించి ఒక ఏర్పాటు ఉంది. ఖాతాదారు పోతే నామినీకి సొమ్ము ఇచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరిపోతుంది. మిగతా వారసులు వచ్చి "మాకూ వాటా ఉంది, ఆపండి" అని ఉత్తరం ఇచ్చినా బ్యాంకు దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. ఆపాలంటే కోర్టు ఉత్తర్వు తేవాలి. ఈ ఏర్పాటు బ్యాంకు సౌకర్యం కోసం. ఇంటి తగువులన్నీ తేలేదాకా బ్యాంకు డబ్బు పట్టుకుని కూర్చోకుండా, ఒక మనిషి చేతిలో పెట్టి పక్కకు జరగడానికి. అంటే నామినీ చేయి చాచి తీసుకునే మనిషి. తీసుకున్నది ఎవరిదో ఆ చట్టం చెప్పదు. అది వారసత్వ చట్టం చెప్తుంది, లేదా వీలునామా చెప్తుంది. రిజర్వు బ్యాంకు కూడా నామినీకి సొమ్ము ఇచ్చేటప్పుడు, నువ్వు దీన్ని వారసుల తరఫున ధర్మకర్తగా పుచ్చుకుంటున్నావు అని స్పష్టంగా చెప్పమని బ్యాంకులను ఆదేశించింది. మనవాళ్లు ఆ కాగితం చదవకుండానే సంతకం పెడతారు.

మన ఊరి సంత ఉదాహరణ ఒకటి చెప్తే అర్థమవుతుంది. మీరు నూలు బేలు లారీలో వేసి, "మావాడు వచ్చి తీసుకుంటాడు" అని ఒకరి పేరు రాసిచ్చారు. లారీ ఆఫీసువాడు ఆ పేరున్న మనిషికి బేలు అప్పగించాడు. వాడి పని అయిపోయింది. అంతమాత్రాన ఆ నూలు తీసుకున్నవాడిది అయిపోతుందా?

షేర్లు, మ్యూచువల్ ఫండ్ల విషయంలో మాత్రం చాలాకాలం గందరగోళం ఉండేది. కంపెనీల చట్టంలో నామినీకి అవి "దఖలు పడతాయి" అనే అర్థం వచ్చే మాట ఉంది. దాంతో నామినీయే యజమాని అని కొందరు వాదించారు. ఆ వాదన ఎవరి ఇంటి నుంచి సుప్రీంకోర్టు దాకా పోయిందంటే, మన అందరి ఇళ్లలో గోడకు వేలాడే కాలనిర్ణయ్ క్యాలెండర్ ఉందే, దాని స్థాపకుడి కుటుంబం నుంచి. ఆయన 2011లో వీలునామా రాశారు, 2013లో పోయారు. కొన్ని ఫండ్లకు నామినీలుగా ఉన్నవాళ్లు అవి పూర్తిగా మావే అన్నారు. 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు కాదని తేల్చింది. నామినేషన్ అనేది వీలునామాకు, వారసత్వ చట్టానికి పక్కన నిలబడే మూడో దారి కాదు, అది కంపెనీ పని సులువు చేసే ఏర్పాటు మాత్రమే అని చెప్పింది. కాబట్టి మన కథలో పెద్దకొడుకు "ఫండు నాది" అనుకుంటే, కాక "డిపాజిట్ నాది" అనుకున్న తప్పే వాడూ చేస్తున్నట్టు. మేము ఈ మాట చెప్పగానే ఆ అబ్బాయి ముఖంలో ఆవేశం కాస్త తగ్గింది. తగువులో న్యాయం రెండు వైపులా కోస్తుందని అప్పుడు తెలిసింది.

మరి ఎవరివి? వీలునామా లేదు గనక 1956 నాటి హిందూ వారసత్వ చట్టం. మగవాడు పోతే మొదటి వరుస వారసులు భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి. ముందే పోయిన కొడుకు గానీ కూతురు గానీ ఉంటే వాళ్ల పిల్లలూ వస్తారు, మన కథలో అలాంటివాళ్లు లేరు. తండ్రి ఈ వరుసలో లేడు, తమ్ముడు అసలే లేడు. మొదటి వరుసలో ఒక్కరున్నా తమ్ముడి దాకా రాదు. ఇక్కడ తల్లి, భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు, మొత్తం ఐదుగురు. ఐదుగురికీ సమానం.

కూతురి మాట రాగానే గదిలో నిశ్శబ్దం. చిన్నకొడుకు మెల్లగా, "దానికి పెండ్లప్పుడు పెట్టినం కదా" అన్నాడు. ఈ మాట మేము ప్రతి ఇంట్లో వింటాం. పెళ్లికి పెట్టిన ఖర్చు ఆమె వాటాలో కోత పడదు. ఆమెకు వద్దనిపిస్తే తన ఇష్టంతో హక్కు వదులుకుంటూ రాసి ఇవ్వవచ్చు, అది వేరు. అడక్కుండా కోసేయడానికి వీల్లేదు. ఆ అమ్మాయి ఫోన్లో ఏం చెప్పిందంటే, "నాకు వచ్చేది అమ్మకు ఇస్తానో ఉంచుకుంటానో నేను చూసుకుంట, ముందు లెక్కలో నా పేరు రాయండి" అని. మాకు ఆ జవాబు నచ్చింది.

ఇక తమ్ముడిని పిలిపించాం. ఆయన వచ్చాడు గానీ కుర్చీలో వెనక్కి జరిగి కూర్చున్నాడు. "అన్న నా మీద నమ్మకంతోనే నా పేరు రాసిండు. బ్యాంకోళ్లు నాకే ఇచ్చిండ్రు గదా. ఇంకేం పంచాయితీ?" అన్నాడు. మా వకీలు ఓపికగా చెప్పారు. నమ్మకం మీద రాశాడు నిజమే, పిల్లలకు చేరుస్తావన్న నమ్మకం మీద రాశాడు, నీకు ఇద్దామని రాయలేదు, ఇద్దామనుకుంటే వీలునామా రాసేవాడు అని. అప్పుడు ఆయన జేబులోంచి ఒక బ్యాంకు స్టేట్‌మెంట్ తీశాడు. కిందటి ఏడాది నూలు కొనడానికి అన్నకు రెండు లక్షలు చేబదులు ఇచ్చాడు, ఖాతా నుంచి ఖాతాకు. తిరిగి రాలేదు. ఇంకో లక్ష చేతికి ఇచ్చానని కూడా అన్నాడు, దానికి కాగితం లేదు.

ఇది న్యాయమైన మాట. పోయిన మనిషి ఆస్తి పంచుకునే ముందు ఆయన అప్పులు తీర్చాలి. వారసులకు చేరేది అప్పు పోగా మిగిలిందే. రెండు లక్షలకు ఆధారం ఉంది, అందరూ ఒప్పుకున్నారు. ఆధారం లేని లక్ష గురించి పెద్దకొడుకు ఒప్పుకోలేదు, తమ్ముడు చివరికి వదిలేశాడు.

ఇప్పుడు లెక్క చూడండి. డిపాజిట్ పన్నెండు, సేవింగ్స్ రెండు, ఫండు ఆరు, మొత్తం ఇరవై లక్షలు. సేవింగ్స్ ఖాతాలో భార్య పేరున్నా అందులో వేసిన డబ్బంతా ఆయన సంపాదనే. ఆమె బ్యాంకు నుంచి తీసుకోవచ్చు, పంచకాల దగ్గర మాత్రం అదీ ఆయన సొమ్ము కిందికే వస్తుంది. ఆమె కూలి, ఆమె సంపాదన అందులో ఉంటే ఆ మేరకు ఆమెదే అయ్యేది. ఇరవైలో అప్పు రెండు పోతే పద్దెనిమిది. ఐదుగురికి తలా మూడు లక్షల అరవై వేలు. తమ్ముడు తన రెండు ఉంచుకుని పది లక్షలు తిరిగి ఇచ్చాడు. పెద్దకొడుకు ఆరులో తన వాటా ఉంచుకుని రెండు లక్షల నలభై వేలు ఇచ్చాడు. వదిన దగ్గర రెండు ఉన్నాయి గనక ఆమెకు ఇంకో లక్షా అరవై వేలు కలిపారు. తల్లికి, చిన్నకొడుకుకు, కూతురికి పూర్తి వాటాలు. ఇదంతా ఒప్పంద పత్రం మీద రాసి అందరి సంతకాలు పెట్టించాం. కోర్టు మెట్లు ఎక్కలేదు. తమ్ముడు ఒప్పుకోకపోతే ఎక్కాల్సి వచ్చేది. అప్పుడు దావా ఆయన మీదే, బ్యాంకు మీద కాదు.

బీమా సంగతి వేరుగా చెప్పాలి. 2015లో బీమా చట్టం మార్చారు. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు, వీళ్లలో ఎవరైనా నామినీ అయితే ఆ సొమ్ము వాళ్ల సొంత లాభం కోసమే అని అందులో ఉంది. నామినీ అన్న మాటకు బలం ఎక్కువ ఉన్న చోటు ఇదొక్కటే అనిపిస్తుంది. అయితే దీని మీద హైకోర్టులన్నీ ఒకే మాట మీద లేవు. కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు గుర్తుంచుకోండి. మీ హైకోర్టు 2025లో ఇలాంటి కేసులోనే తీర్పు చెప్పింది. పెళ్లికి ముందు తల్లి పేరు రాసిన పాలసీ, తరవాత భార్య, బిడ్డ వచ్చారు, పేరు మారలేదు. వారసులు వాటా అడిగితే వారసత్వ చట్టమే నడుస్తుందని చెప్పి తల్లికి, భార్యకు, బిడ్డకు మూడో వంతు చొప్పున ఇచ్చింది. మన కథలో ఎవరూ ఆ పేచీ పెట్టలేదు. అవ్వ పేరున ఉన్న ఐదు లక్షలు అవ్వకే వదిలేశారు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. కాలేదు.

పద్నాలుగు నెలలకు అవ్వ పోయింది. ఆమె దగ్గర బీమా ఐదు లక్షలు, వాటా మూడు లక్షల అరవై వేలు. ఆస్పత్రికి అరవై వేలు పోగా ఎనిమిది లక్షలు మిగిలాయి. అవ్వ కూడా వీలునామా రాయలేదు. రాయించాలని మాకూ తట్టలేదు, ఆ తప్పు మాదే అని ఒప్పుకుంటున్నాం. ఇప్పుడు ఆడమనిషి ఆస్తికి నడిచే సూత్రం వేరు. భర్త లేడు, కాబట్టి ఆమె సంతానానికి. బతికున్న కొడుకు ఒక సగం. ముందే పోయిన కొడుకు సగం ఆయన పిల్లలకు. అంటే తమ్ముడికి నాలుగు లక్షలు, ముగ్గురు పిల్లలకు కలిపి నాలుగు లక్షలు, ఒక్కొక్కరికి లక్షా ముప్పై మూడు వేలు. కోడలికి ఏమీ లేదు. పదిహేనేళ్లుగా అవ్వకు నీళ్లు పోసి, అన్నం పెట్టి, మంచం దగ్గర కూర్చున్నది ఆ కోడలే. ముందే పోయిన కొడుకు భార్య అత్తగారి ఆస్తికి ఈ వరుసలో వారసురాలు కాదు.

చూడండి ఎట్లా తిరిగిందో. పెద్దాయన పోయినప్పుడు ఆయన సొమ్ములో తమ్ముడికి హక్కు సున్నా. అదే సొమ్ము తల్లి చేతుల మీదుగా పోయేసరికి తమ్ముడికి నాలుగు లక్షలు చేరాయి. తమ్ముడు మోసం ఏమీ చేయలేదు, చట్టం ప్రకారమే వచ్చింది. ఆయన భార్య పేరున ఒక పేజీ వీలునామా రాసి ఉంటే మొదట్లోనే ఇదంతా ఉండేది కాదు. అవ్వ తన వాటా కోడలికి అని రాసినా సరిపోయేది.

ఇదే సందర్భంలో వెనక వరుసల్లో ఉన్న అక్కలకు ఒక మాట. మనలో ఎంతోమంది ఆడవాళ్లు బీడీలు చుట్టి పైసా పైసా కూడబెట్టినవాళ్లు. భర్త పోయి, పిల్లలు లేని అక్క ఒకామె మా దగ్గరికి వచ్చింది. ఆమెకు జబ్బు చేస్తే చూసుకునేది చెల్లెలు. "బ్యాంకులో చెల్లెలి పేరే రాసిన, నాకేం చింత లేదు" అంది. చింత ఉంది. పిల్లలు, భర్త లేని హిందూ స్త్రీ వీలునామా లేకుండా పోతే ఆమె సొంత కష్టార్జితం ముందు భర్త వారసులకు పోతుంది. వాళ్లు ఎవరూ లేకపోతేనే పుట్టింటివైపు. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తికి మాత్రం వేరే సూత్రం ఉంది, అది పుట్టింటివైపు తిరిగి పోతుంది. సంపాదనకు ఆ రక్షణ లేదు. సుప్రీంకోర్టుకు 2009లో ఇలాంటి కేసు పోయింది. చిన్న వయసులో పెళ్లి, కొన్ని నెలలకే భర్త పోయాడు, అత్తింటివాళ్లు గెంటేశారు, పుట్టింటివాళ్లు చదివించారు, ఉద్యోగం చేసింది, బ్యాంకు ఖాతాలు, పీఎఫ్ వదిలి పోయింది. కోర్టు జాలిపడింది గానీ చట్టం మాట ప్రకారం భర్తవైపు వాళ్లకే ఇచ్చింది. మా దగ్గరికి వచ్చిన అక్క ఇది విని కాసేపు మాట్లాడలేదు. తరవాతి ఆదివారం ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని వచ్చింది.

వీలునామా అంటే లక్షల ఆస్తి ఉన్నవాళ్లకు అనుకుంటారు. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయితే పిల్లల మధ్య ముందే మాటలు లేకపోతే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించడమే మంచిదని మా అభిప్రాయం. కాగితం మాయమైనా అక్కడ నకలు ఉంటుంది. ముఖ్యమైనది సంతకాల పద్ధతి. రాసిన మనిషి ఇద్దరు సాక్షులు చూస్తుండగా సంతకం గానీ వేలిముద్ర గానీ వేయాలి, ఆ సాక్షులిద్దరూ ఆ మనిషి ఎదుట సంతకం పెట్టాలి. సాక్షులకు లోపల ఏం రాసిందో తెలియనక్కర్లేదు. వాళ్లు మీకంటే చిన్నవాళ్లయితే మంచిది, రేపు అవసరమైతే కోర్టుకు వచ్చి చెప్పాల్సింది వాళ్లే. ఆస్తి ఎవరికి రాస్తున్నారో వాళ్లనే సాక్షిగా పెట్టకండి, అనవసరంగా అనుమానానికి తావిస్తుంది. మా దగ్గరికి వచ్చిన పాత వీలునామాల్లో మూడింట ఒకటే సాక్షి సంతకం చూశాం. ఒక్కటి తక్కువైతే అది చెల్లదు.

ఇంకో చిక్కు చాలామంది గమనించరు. డిపాజిట్ నంబరు రాసి "ఇది చిన్నకొడుక్కి" అంటారు. ఏడాది తిరిగేసరికి అది రెన్యూ అయి కొత్త నంబరు వస్తుంది. ఆయన పోయేనాటికి ఆ పాత నంబరు డిపాజిట్టే ఉండదు, పేచీ మొదలు. అందుకని నంబర్ల బదులు, ఫలానా బ్యాంకులో నా పేరున ఆనాటికి ఉన్న సొమ్మంతా అని రాయండి. చివర, పైన చెప్పనిది ఏదైనా ఉంటే అది ఫలానావారికి అని ఒక వాక్యం వేయండి. తారీఖు మరవకండి, రెండు వీలునామాలు దొరికితే చివరిదే నిలబడుతుంది.

తెలుగులో రాయవచ్చా అని మన పెద్దలు అడుగుతారు. రాయవచ్చు, ఏ భాషైనా చెల్లుతుంది. అయితే ఇక్కడ బ్యాంకు మేనేజరుకు తెలుగు రాదు, కోర్టులో అనువాదం అడుగుతారు. తెలుగులో ఆలోచించండి, మరాఠీలోనో ఇంగ్లీషులోనో రాయించండి, సంతకానికి ముందు మీకు తెలిసిన భాషలో చదివించి విన్నట్టు ఒక వాక్యం వేయించండి.

అయితే నామినీ అక్కర్లేదా అంటే, అలా కూడా అనుకోకండి. నామినీ లేకపోతే మొత్తం పెద్దదైతే కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తేవాల్సి వస్తుంది, దానికి నెలలు, కోర్టు ఫీజు, వకీలు ఖర్చు. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు కొంత ఊరట ఇచ్చింది. నామినీ లేని ఖాతాలోనైనా పదిహేను లక్షల దాకా, సహకార బ్యాంకుల్లో ఐదు లక్షల దాకా, తగువు లేకపోతే సులువు పద్ధతిలో ఇవ్వాలని, కాగితాలన్నీ అందిన పదిహేను రోజుల్లో పూర్తి చేయాలని, 2026 మార్చి 31 లోపు ఇది అమలు చేయాలని చెప్పింది. మనవాళ్ల డబ్బు ఎక్కువగా సహకార బ్యాంకుల్లోనే ఉంటుంది కాబట్టి ఆ ఐదు లక్షల గీత గుర్తుంచుకోండి. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్‌కు నలుగురు నామినీలను కూడా పెట్టవచ్చు, ఎవరికి ఎంత శాతమో రాసి. లాకరుకు మాత్రం ఒకరి తరవాత ఒకరుగానే. మన ఉద్దేశంలో మంచి పద్ధతి ఏమిటంటే, వీలునామాలో ఎవరికి రాశారో బ్యాంకు కాగితంలోనూ వాళ్లనే నామినీగా పెట్టడం. అప్పుడు పుచ్చుకునే చేయి, హక్కున్న చేయి ఒకటే అవుతుంది.

రాష్ట్రం మారితే కాగితం పేరు కూడా మారుతుంది, దాని వల్ల ఎంతమంది తిప్పలు పడ్డారో చెప్పలేం. తమిళనాడులో తహసీల్దారు వారసుల సర్టిఫికెట్ ఇస్తారు. కర్ణాటకలో రెవెన్యూ వాళ్ల వంశవృక్షం ఉంటుంది. ఆంధ్ర, తెలంగాణల్లో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ అంటారు. ఇక్కడ మహారాష్ట్రలో వారస దాఖలా కోర్టు నుంచి తేవాలి, 1827 నాటి బొంబాయి రెగ్యులేషన్ కింద. తహసీల్దారు దగ్గరికి పోయి కూర్చుంటే పని కాదు. తహసీల్దారు ఇచ్చే కాగితం వారసులు ఎవరో చెప్తుంది. పెద్ద మొత్తాలకు, తగువున్న చోట బ్యాంకు అడిగేది సక్సెషన్ సర్టిఫికెట్టే. రెండూ ఒకటే అనుకుని సిరిసిల్ల నుంచి తెచ్చిన కాగితంతో ఇక్కడి బ్యాంకు చుట్టూ ఎనిమిది నెలలు తిరిగిన కుటుంబం మాకు తెలుసు.

సభలో ఒక పెద్దాయన చీటీ పంపారు. "నా నామినీ ఎవరో నాకే గుర్తు లేదు, ఎట్లా తెలుసుకోవాలె?" అని. తాతా, మీ పాస్‌బుక్ మొదటి పేజీ చూడండి, నామినేషన్ నమోదైందా లేదా అని అక్కడ ఉంటుంది. పేరు లేకపోతే కౌంటర్లో అడగండి, చెప్తారు. డిపాజిట్ రసీదు వేరుగా చూడాలి, సేవింగ్స్‌కు ఇచ్చిన పేరు డిపాజిట్‌కు దానంతట అది రాదు. పెళ్లికి ముందు తెరిచిన ఖాతా ఏదైనా ఉంటే దాన్ని మొదట చూడండి. పీఎఫ్ ఉన్నవాళ్లకైతే పెళ్లికి ముందు రాసిన నామినేషన్ పెళ్లితోనే చెల్లకుండా పోతుంది, కొత్తది రాయాలి. బ్యాంకుకు అలాంటి నియమం లేదు, ముప్పై ఏళ్ల కిందటి పేరే ఇంకా నిలబడి ఉంటుంది. మన కథలో తమ్ముడి పేరు అట్లాగే నిలబడింది.

ఆదివారాలు పది నుంచి ఒంటిగంట దాకా సంఘం ఆఫీసులో ఉంటాం. పాస్‌బుక్కులు, డిపాజిట్ రసీదులు, బీమా బాండ్లు ఒక సంచిలో వేసుకుని రండి. ఇంటి ఆడవాళ్లను వెంటబెట్టుకుని రండి.